జిమ్ లాగ్ స్క్రీన్‌షాట్ల నుంచి బలం లెక్క: 14 నెలల వాడకం తర్వాత

వ్యాయామం ముగిసిన వెంటనే లాగ్ యాప్‌లోని ఆ రోజు తెరను స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫోల్డరులో దాచుకోవడం నాకు 14 నెలలుగా అలవాటు. నేను వాడే యాప్ డబ్బు కట్టనివారికి మూడు నెలలకు మించిన పాత వివరాలు చూపించదు, వాటిని ఫైలుగా దించుకోనివ్వదు. అందుకే ఈ దారి పట్టాను. ఆదివారం ఉదయం కూర్చుని ఆ వారం నాలుగు రోజుల అంకెలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తాను. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మొదట్లో గంట పట్టేది, పైగా తప్పులు.

మొదటి తప్పు పట్టిక గీసుకోవడంలోనే జరిగింది. ‘70×10×4’ అని ఒకే గడిలో రాసేవాణ్ణి. చదవడానికి బాగానే ఉండేది కానీ కూడడానికి పనికివచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కో సెట్‌కు ఒక్కో వరుస. A లో తేదీ, B లో వ్యాయామం, C లో బరువు, D లో రెప్స్, E లో వార్మప్ అయితే W, అసలు సెట్ అయితే M. మిగిలిన మూడు గడులు వాటంతట అవే నిండుతాయి:

```
F2: =C2*D2
G2: =C2*(1+D2/30)
H2: =A2-WEEKDAY(A2,3)
```

F ఆ సెట్ వాల్యూమ్. G ఎప్లీ సూత్రం ప్రకారం ఒక్క రెప్‌కు ఎత్తగల గరిష్ఠ బరువు అంచనా. H ఆ వారపు సోమవారం తేదీ. యాప్ వారాన్ని ఆదివారంతో మొదలుపెడుతుంది, నేను సోమవారంతో మొదలుపెడతాను. ఈ గడి లేనప్పుడు రెండు లెక్కలూ ఎందుకు కలవడం లేదో చాలా రోజులు అర్థం కాలేదు. K2లో ఆ సోమవారం తేదీ పెడితే, వారం మొత్తం స్క్వాట్ వాల్యూమ్‌కు ఇది చాలు:

```
=SUMIFS(F:F,H:H,K2,B:B,"Squat",E:E,"M")
```

బొమ్మలోని అంకెలను చేత్తో కొట్టను. ఫోనులో అక్షరాలను గుర్తించే సదుపాయంతో కాపీ చేసి అతికిస్తాను. దాన్ని గుడ్డిగా నమ్మకూడదని ఒక బెంచ్ ప్రెస్ రోజు నేర్పింది. యాప్ తెర పైభాగంలో ఆ రోజు మొత్తం వాల్యూమ్ ఉంటుంది. నా పట్టిక మొత్తం దానికంటే సరిగ్గా 4,500 కిలోలు ఎక్కువ వచ్చింది. వెతికితే 62.5 కిలోలతో చేసిన ఎనిమిది రెప్స్ సెట్‌లో దశాంశ బిందువు ఎగిరిపోయి 625గా పడింది. 500 ఉండాల్సిన చోట 5,000. అప్పటి నుంచి ప్రతి బొమ్మకూ ఈ సరిపోలిక చేస్తున్నాను. యాప్ మొత్తంలో వార్మప్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ముందు అన్ని సెట్లతో సరిచూసి, ఆ తర్వాతే వార్మప్‌లను వేరు చేస్తాను.

తేడా ఎంత వచ్చిందన్నదే తప్పు ఎక్కడుందో చెబుతుంది. పొడవైన వ్యాయామం ఒక తెరలో పట్టదు, రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీయాలి. మొదటి బొమ్మలో చివర ఉన్న సెట్ రెండో బొమ్మలో మొదట మళ్లీ కనిపిస్తుంది. అది రెండుసార్లు ఎక్కితే తేడా కచ్చితంగా ఆ సెట్ వాల్యూమ్‌కు సమానంగా వస్తుంది. 480 ఎక్కువ వచ్చిందంటే 60 కిలోల ఎనిమిది రెప్స్ సెట్‌ను వెతుకుతాను. 480 తక్కువ వస్తే రెండు బొమ్మల మధ్య ఆ సెట్ జారిపోయిందన్నమాట.

తేదీని మాత్రం ఫైలు పేరు నుంచి తీసుకోను. రాత్రి మరిచిపోయి మర్నాడు ఉదయం తీసిన బొమ్మలు నా దగ్గర చాలా ఉన్నాయి. యాప్ తెరపై తేదీ కనిపించేలా తీయడమే మంచిది.

ఇక ఇంత శ్రమ ఎందుకో చెప్పాలి. గత శీతకాలంలో పది వారాల పాటు స్క్వాట్‌లో బరువు పెంచుతూ రెప్స్ తగ్గించాను. మొదటి వారం 70 కిలోలు, పది రెప్స్, నాలుగు సెట్లు. వాల్యూమ్ 2,800. పదో వారం 87.5 కిలోలు, ఐదు రెప్స్, నాలుగు సెట్లు. వాల్యూమ్ 1,750. స్క్వాట్ వాల్యూమ్ గీత చూస్తే మూడో వంతుకు పైగా పడిపోయినట్టుంది. G గడి మాత్రం 93 నుంచి 102కు పెరిగింది. దేన్ని నమ్మాలి?

ఎప్లీ అంచనాను కూడా ఊరికే నమ్మలేం. సెట్‌ను శక్తి మేరకు చేసినప్పుడే ఆ సూత్రానికి అర్థం. ఇంకా నాలుగు రెప్స్ వస్తాయనగా ఆపేస్తే అంచనా తక్కువ చూపిస్తుంది. పది రెప్స్ దాటాక ఆ అంచనా అంత నిలకడగా ఉండదు. అందుకే పదకొండో వారం పాత పనినే మళ్లీ పెట్టుకున్నాను. అదే 70 కిలోలు, సెట్ల మధ్య అదే మూడు నిమిషాల విరామం, మూడు సెట్లు పదేసి రెప్స్. నాలుగో సెట్‌ను వచ్చినంతవరకు చేశాను. మొదటి వారం పదో రెప్ దగ్గర నడుము వంగబోతుంటే ఆపిన సెట్ అది. ఈసారి పదమూడు వచ్చాయి. బలం పెరిగిందనడానికి నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. వేర్వేరు నెలల రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన ఉన్నాయి కాబట్టే ఈ పోలిక కుదిరింది.

ఇవే పది వారాల్లో యాప్ చూపించే వారపు మొత్తం వాల్యూమ్ పెరిగింది. సంతోషించే విషయం కాదది. లెగ్ ప్రెస్ నాలుగు సెట్లు, పన్నెండేసి రెప్స్. 100 కిలోల దగ్గర 4,800 ఉన్నది, 160 దగ్గర 7,680 అయింది. స్క్వాట్‌లో తగ్గిన 1,050ని ఇది మింగేసి, పైన 1,830 చేర్చింది. కానీ మధ్యలో నేను వేరే జిమ్‌కు మారాను. అక్కడి లెగ్ ప్రెస్ పట్టాలపై ఎంతో తేలిగ్గా జారుతుంది. ఆ పెరుగుదలలో నా కాళ్లది ఎంతో, యంత్రానిది ఎంతో విడదీయలేను. అందుకే యంత్రాల వాల్యూమ్‌ను రాడ్ వ్యాయామాలతో కలిపి కూడడం మానేశాను. జిమ్ మారిన రోజు నుంచి లెగ్ ప్రెస్‌కు పట్టికలో వేరే పేరు పెట్టాను.

కొత్త జిమ్‌లో ఇంకొక చిక్కు రాడ్‌తో వచ్చింది. బెంచ్ దగ్గర ఉన్న రాడ్ 20 కిలోలే అనుకుని ఆరు వారాలు రాశాను. చేతికి సన్నగా అనిపించి ఒక రోజు బరువు తూచే యంత్రంపై రాడ్ పట్టుకుని నిలబడి, నా బరువు తీసేసి చూస్తే 15 కిలోలు. ఒక్కసారిగా వచ్చిందనుకున్న అయిదు కిలోల పురోగతి అదే. C గడిలో ఆ ఆరు వారాల అంకెలన్నీ సరిదిద్దాను. స్క్రీన్‌షాట్‌లో మాత్రం పాత అంకే ఉంటుంది కాబట్టి పక్కన గమనిక రాసుకున్నాను.

డంబెల్స్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. చేతికి 15 కిలోలతో పది రెప్స్, మూడు సెట్లు చేస్తే 450 అని రాయవచ్చు, 900 అనీ రాయవచ్చు. ఏదైనా ఒకటే పాటించాలి. నేను ఒక చేతి బరువే రాస్తాను.

పుల్అప్స్‌కు నాకు ఇప్పటికీ తృప్తికరమైన పద్ధతి దొరకలేదు. యాప్ వాటిని సున్నా కిలోలుగా లెక్కిస్తుంది, శరీర బరువు చేర్చితే వారం వారం మారుతూ ఉంటుంది. వాటికి రెప్స్ మాత్రమే రాసి, వాల్యూమ్ గడి ఖాళీగా వదిలేస్తున్నాను. వచ్చే సోమవారం నుంచి మళ్లీ స్క్వాట్ 75 కిలోలతో పదేసి రెప్స్. నాలుగో సెట్ స్క్రీన్‌షాట్‌ను మొదటి రోజే విడిగా తీసి పెట్టుకుంటాను.