పరగడుపు షుగరా, హెచ్‌బీఏ1సీనా, గ్లూకోజ్ తాగి చేసే పరీక్షా: మన ఓరుగల్లు వైపు ఏది మేలు?

ముప్పై ఏళ్లు దాటినవారికి ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం వేలికొన గుచ్చి చూసే షుగర్ జల్లెడ మాత్రమే. అందులో 140 దాటితే రోగం ఉన్నట్టు కాదు, ఇంకో పరీక్ష చేయాలన్నట్టు. ఆ ఇంకో పరీక్ష ఏదన్నదే ఇక్కడి ప్రశ్న.

హద్దులు తెలిసినవే. పరగడుపున 126, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200, ఎర్రకణాలకు అంటుకున్న చక్కెరను బట్టి గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం. వీటిలో దేన్ని చేరినా షుగర్ వ్యాధే. అయితే లక్షణాలు లేనివారిలో ఒక్క ఫలితంతో ముద్ర వేయకూడదు. రెండో ఫలితం కూడా హద్దు దాటాలి. చిక్కేమిటంటే ఈ మూడూ ఒకే మనిషిని పట్టుకోవు. మన దేశంలో చాలామందికి పరగడుపు షుగర్ బాగానే ఉండి, తిన్నాక మాత్రమే పెరుగుతుంది. పరగడుపు ఒక్కటే చూస్తే వాళ్లు జారిపోతారు.

సౌకర్యంలో హెచ్‌బీఏ1సీకి సాటి లేదు. ఖాళీ కడుపు అక్కర్లేదు, కూలికి పోయి సాయంత్రం వచ్చినా రక్తం తీయొచ్చు. ఊదా మూత గొట్టంలోని నమూనా చల్లగా ఉంచితే కొన్ని రోజులు చెడదు. పరగడుపు షుగర్ అలా కాదు. రక్తకణాలు గొట్టంలోనూ గ్లూకోజ్ తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా. ఏటూరునాగారం వైపు నుంచి మామూలు గొట్టంలో పంపిన 130, మూడు గంటల తర్వాత 108 దగ్గర కనిపించొచ్చు. బూడిదరంగు మూత ఫ్లోరైడ్ గొట్టం వాడినా మందు పట్టడానికి గంటో రెండు గంటలో పడుతుంది, ఆలోపు కొంత తగ్గిపోతుంది. కాబట్టి తీసిన అరగంటలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరుచేయగలిగిన చోటే పరగడుపు అంకెను నమ్మాలి.

మరి హెచ్‌బీఏ1సీనే అందరికీ చేస్తే సరిపోదా? మన దగ్గర సరిపోదు. తెలంగాణలో సగానికి మించి ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైతే కొత్త ఎర్రకణాల తయారీ మందగిస్తుంది, ఉన్నవి సగటున ముసలివవుతాయి, వాటికి అంటుకున్న చక్కెర ఎక్కువగా కనబడుతుంది. అంటే షుగర్ పెరగకుండానే అంకె పెరుగుతుంది. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ ఉన్నవాళ్లలో దీనికి ఎదురు. కణం త్వరగా చచ్చిపోతుంది, అంకె తగ్గుతుంది. జబ్బు లేకుండా సికిల్ జన్యువు ఒక్కటి మాత్రమే ఉన్నా, పరీక్ష పద్ధతిని బట్టి అంకె తప్పొచ్చు. ఆదిలాబాద్, ములుగు ఏజెన్సీలో ఇది పుస్తకాల్లోని మాట కాదు, రోజూ ఎదురయ్యేదే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. పరకాల దగ్గర బీడీలు చుట్టే 42 ఏళ్ల ఆమె. హెచ్‌బీఏ1సీ 6.6, పరగడుపు షుగర్ 108, హిమోగ్లోబిన్ 8.4. మొదటి అంకె చూసి మాత్రలు రాసిచ్చేవాళ్లు ఎక్కువ. కానీ 6.6 అంటే సగటు షుగర్ సుమారు 143 ఉండాలి, పరగడుపు 108తో అది అంత సులువుగా పొసగదు. ఇక్కడే గ్లూకోజ్ పరీక్ష విలువ తెలుస్తుంది. రెండు గంటల తర్వాత 156 వచ్చిందనుకుందాం. అది షుగర్ వ్యాధి కాదు, దాని ముందు దశ. ఇనుము మాత్రలు మొదలుపెట్టి, హిమోగ్లోబిన్ నిలకడగా పెరిగి మూడు నెలలు గడిచాకే హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయాలి. మధ్యలో చేస్తే కొత్త కణాలు ఒక్కసారిగా వచ్చి, ఈసారి అంకె కిందికి లాగుతుంది.

అదే రెండు గంటలకు 220 వచ్చి ఉంటే? అప్పుడు 6.6ను రక్తహీనత మీదికి నెట్టేయలేం. అలాగని రక్తహీనత ఉండగా దాన్ని రెండో రుజువుగానూ లెక్కేయలేం కాబట్టి, మరో రోజు గ్లూకోజ్ పరీక్షే మళ్లీ చేసి తేల్చుకోవాలి.

గ్లూకోజ్ పరీక్ష చెడేది ఎక్కువగా చేసే తీరులోనే. మూడు రోజులు మామూలుగా అన్నం తిని రావాలి. షుగర్ పరీక్ష అని భయపడి ముందే అన్నం మానేసి వస్తే అంకె తప్పుగా పెరగొచ్చు. రాత్రి కనీసం 8 గంటలు ఏమీ తినొద్దు. 75 గ్రాములంటే నీరు లేని గ్లూకోజ్ లెక్క. మోనోహైడ్రేట్ పొడి అయితే 82.5 గ్రాములు తూచాలి. 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగించాలి. తాగడం మొదలుపెట్టిన నిమిషం నుంచే రెండు గంటలు లెక్క. ఆలోపు బీడీ, చాయ్, బయట నడక ఏవీ వద్దు. వాంతి అయితే ఆ రోజు పరీక్ష వదిలేయాలి.

నా లెక్క ఇది. హిమోగ్లోబిన్ బాగుండి, సికిల్ లేదని తేలినవారికి హెచ్‌బీఏ1సీ ముందు పెట్టండి, మనిషి మళ్లీ రాకపోయే చోట అదే మేలు. రక్తహీనత, సికిల్, ఇటీవల రక్తం ఎక్కించుకోవడం, గర్భం, వీటిలో ఏదున్నా హెచ్‌బీఏ1సీని పక్కన పెట్టి పరగడుపు, రెండు గంటల షుగర్లు రెండూ చూడండి. అరపూట కూలి పోతుంది నిజమే, అందుకని మిగతావారిలో గ్లూకోజ్ పరీక్షను అందరికీ కాక, అంకెలు ఒకదానికొకటి పొసగనివారికీ నడుము చుట్టుకొలత ఎక్కువున్నవారికీ ఇంట్లో షుగర్ ఉన్నవారికీ దాచి ఉంచాలి.