ప్లగ్ సరిపోయింది కదా అని వేరే ఛార్జర్ పెట్టకండి

నా ఎలక్ట్రిక్ సైకిల్ ఛార్జర్ పాడైతే ఆన్‌లైన్‌లో ఇంకోటి తెప్పించాను. పెట్టె మీద 48 వోల్టులని ఉంది, నా బ్యాటరీ మీదా 48 అనే ఉంది. ప్లగ్ కూడా చక్కగా దూరింది. ఇంకేం చూడాలి అనుకున్నాను.

మొదటి రాత్రే తేడా కనిపించింది. పచ్చ లైటు వచ్చింది, ఫుల్ అయిందనుకున్నా. కాసేపటికి మళ్లీ ఎర్ర లైటు, మళ్లీ పచ్చ. బ్యాటరీ మీద చెయ్యి పెడితే ఎప్పుడూ లేనంత వేడి. వెంటనే స్విచ్ ఆపేసి, పాత ఛార్జర్‌ని పక్కన పెట్టి రెండింటి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. పాతదాని అవుట్‌పుట్ 54.6 వోల్టులు, కొత్తదాని అవుట్‌పుట్ 58.8!

48 అనేది పిలుచుకునే పేరే, ఛార్జింగ్ ఆగాల్సిన వోల్టేజీ కాదు. నా బ్యాటరీలో సెల్స్ 13 వరుసలుగా ఉన్నాయి. ఒక్కో వరుస 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, అంటే మొత్తం 54.6. ఈ కొత్త ఛార్జర్ ఒక్కో వరుసని 4.5 దాకా తోస్తుంది. లోపల ఉండే రక్షణ సర్క్యూట్, అదే బీఎంఎస్, అడ్డుపడి ఛార్జింగ్ కట్ చేసింది. వోల్టేజీ కాస్త దిగగానే మళ్లీ కలిపింది. లైటు రంగులు మారుతూ ఉండటానికి కారణం అదే. ఆ బీఎంఎస్ ఒక్కటి మొండికేస్తే సెల్స్ ఉబ్బి, గ్యాస్ వదిలి, మంట అంటుకోవచ్చు. లిథియం మంట ఒకసారి మొదలైతే ఆర్పడం చాలా కష్టం.

అమ్మినవాళ్లని అడిగితే “48కి అన్నీ ఒకటేనండీ” అన్నారు. కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీల ఛార్జర్లకీ 48 అనే రాస్తారు, వాటి వోల్టేజీ వేరే. కొనేముందు అవుట్‌పుట్ వోల్టులు పాయింటు తర్వాత అంకెతో సహా పాతదానితో కలవాలి. ఆంప్స్ మాన్యువల్ చెప్పినదాన్ని దాటకూడదు. ప్లగ్‌లో ప్లస్ మైనస్ తిరగబడి ఉన్నవీ ఉంటాయి, అందుకే బ్యాటరీ కంపెనీ ఇచ్చే ఛార్జరే తీసుకోవడం మేలు. స్కూటర్‌కైనా ఇంతే.

ఇంట్లో పెట్టే చోటు సంగతి కూడా. నేను గుమ్మం పక్కనే, చెప్పుల స్టాండ్ దగ్గర పెట్టేవాణ్ణి. ఏదైనా జరిగితే బయటికెళ్లే దారే మూసుకుపోతుంది! ఇప్పుడు గట్టి నేల మీద, గుడ్డలూ అట్టలూ లేని చోట, మేలుకుని ఉన్నప్పుడే పెడుతున్నా. బండి నడిపి రాగానే కాకుండా చల్లారాక.

ఒకసారి తప్పు ఛార్జర్ పెట్టిన బ్యాటరీ పైకి బాగున్నా లోపల దెబ్బతిని ఉండొచ్చు. ఉబ్బినా, వింత వాసన వచ్చినా, బుసబుస శబ్దం వచ్చినా ఇక ఛార్జింగ్ పెట్టొద్దు. నాది సర్వీస్ సెంటర్‌లో విప్పి ఒక్కో వరుస కొలుస్తున్నారు. రిపోర్టు వచ్చేదాకా సైకిల్ తొక్కుతున్నా, మోటార్ లేకుండానే.