యాప్‌లో 'డబ్బు పంపాం' అని చూపిస్తే సరిపోదు, యూటీఆర్ నంబర్ అడగండి

అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు డెలివరీ యాప్‌లలో పనిచేసేవాళ్లు, చేరబోయేవాళ్లు ఇది ఒకసారి చదవండి.

మా తమ్ముడు అమలాపురంలో ఈ మధ్యే డెలివరీ పనిలో చేరాడు. మొదటి వారం సంపాదన 4,860 రూపాయలు. యాప్‌లో ఆ మొత్తం పక్కన 'పంపాం' అని పచ్చ టిక్కు కూడా పడింది. ఖాతాలో మాత్రం పైసా లేదు.

చేర్పించినప్పుడు కంపెనీ కుర్రాడు పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ చూసి వివరాలు కొట్టాడు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తమ్ముడి ఖాతా నంబర్ అదే ఉంది కానీ బ్యాంకు శాఖని గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది. ANDB తో మొదలయ్యే పాత కోడ్‌లు 2021 ఏప్రిల్ నుంచి చెల్లవు, ఇప్పుడు UBIN తో మొదలవ్వాలి. మన వైపు ఇళ్లలో ఆ పాత పాస్‌బుక్‌లు ఇంకా బోలెడు ఉన్నాయి. చాలా యాప్‌లు ముందు ఒక రూపాయి వేసి, ఖాతాదారు పేరు సరిపోతుందో లేదో చూస్తాయి. ఇది ఆ పని చేయలేదు, కోడ్‌కి 11 అక్షరాలు ఉంటే చాలనుకుంది.

తమ్ముడు టెన్షన్‌తో బ్యాంకుకి పరుగెత్తితే, అక్కడి మేడమ్ యూటీఆర్, అంటే బ్యాంకు నుంచి డబ్బు పంపినప్పుడు ఆ లావాదేవీకి పడే నంబర్, అడిగారు. యాప్‌లో ఉన్న నంబర్ చూపిస్తే అది కంపెనీ సొంత లావాదేవీ నంబరట, బ్యాంకుకి పనికిరాదట. నెఫ్ట్‌లో పంపితే యూటీఆర్‌కి సాధారణంగా 16 అక్షరాలుంటాయి. ఐఎంపీఎస్ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. కంపెనీ అలాంటిది ఏదీ ఇవ్వలేకపోతే డబ్బు ఇంకా కంపెనీ వైపే ఉందని దాదాపు ఖాయం. అప్పుడు బ్యాంకు చుట్టూ తిరగడం దండగ, కంపెనీనే నిలదీయాలి.

కోడ్ తప్పయితే ఇంతటితో పోతుంది. ఖాతా నంబర్‌లో ఒక అంకె తప్పు పడి, అది ఇంకొకరి నంబర్ అయితేనే అసలు చిక్కు. నెఫ్ట్‌లో జమ చేసేది ఖాతా నంబర్ చూసే, పేరు చూసి కాదు. అవతలి మనిషి ఒప్పుకోకుండా బ్యాంకు ఆ డబ్బు వెనక్కి తీయదు. అందుకే చేరిన రోజే ఆ అంకెలు మీరే పైకి చదివి, యాప్‌లో పడినవాటితో సరిచూసుకోండి. కోడ్‌లో ఐదో స్థానంలో ఉండేది సున్నా, ఇంగ్లీషు O అక్షరం కాదు. అక్కడా చాలామంది పొరబడతారు.

ఇంకో మాట. వివరాలు సరిచేస్తే పాత వారం డబ్బు దానంతటదే వస్తుందనుకోకండి. కొత్త వివరాలు తర్వాతి చెల్లింపుకే పనిచేశాయి. ఆగిపోయిన 4,860 మళ్లీ పంపమని యాప్ చాట్‌లోనే విడిగా రాసి, స్క్రీన్‌షాట్ పెట్టి అడిగాకే తమ్ముడి ఖాతాలో పడింది. ఫోన్‌లో మాట్లాడినవాటికి మాత్రం కంపెనీ దగ్గర ఏ రికార్డూ దొరకలేదు.