క్రెడిట్ కార్డు బిల్లు మొత్తం కట్టలేని నెలలో ఏది మేలు: మినిమం కట్టి ఊరుకోవడమా, మూడు రోజులు ఆలస్యంగా మొత్తం కట్టడమా, బంగారం పెట్టడమా?

ఆగస్టు 15 రాత్రి మా తమ్ముడు వాట్సాప్‌లో కార్డు స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్ పెట్టాడు. "అన్నా, పోయిన నెల 40,000 బిల్లు. మినిమం 2,000 గడువులోపే కట్టాను, ఆ తర్వాత కార్డు బయటికే తీయలేదు. ఇప్పుడు 40,982 అంటున్నాడు. కట్టినకొద్దీ పెరగడమేంటి?" అని. చూడగానే బ్యాంకు తప్పు చేసిందనే నాకూ అనిపించింది. కాగితం తీసి లెక్క వేస్తే పైసలతో సహా కలిసింది. ఆ లెక్కే ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

వాడు జూన్ 20న 30,000 పెట్టి వాషింగ్ మెషిన్ కొన్నాడు, జూలై 5న పిల్లాడి స్కూల్‌కి 10,000 కట్టాడు. జూలై 15న బిల్లు వచ్చింది, గడువు ఆగస్టు 4. కార్డు వడ్డీ నెలకు 3.65 శాతం. ఇది వినడానికి చిన్నగా ఉంటుంది కానీ మన ఊళ్ల భాషలో చెప్పుకుంటే మూడు రూపాయల అరవై ఐదు పైసల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది (మామూలు లోన్ల వడ్డీకి జీఎస్టీ లేదు, కార్డు వడ్డీకి మాత్రం ఉంది), అంటే చేతి నుంచి పోయేది నాలుగు రూపాయల ముప్పై పైసల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ రేటు చెబితే మనం గడప కూడా తొక్కం.

రోజు లెక్క తెలియాలంటే నెల వడ్డీని 12తో గుణించి 365తో భాగించాలి. 3.65కి అది సరిగ్గా రోజుకు 0.12 శాతం, అంటే వెయ్యికి రూపాయి ఇరవై పైసలు. మీ కార్డు రేటు స్టేట్‌మెంట్ చివరి పేజీల్లోనో, కార్డుతో ఇచ్చిన ముఖ్య షరతుల కాగితంలోనో ఉంటుంది. అదొక్కటి తెలిస్తే మిగతాదంతా ఫోన్‌లో కాలిక్యులేటర్‌తో అయిపోతుంది.

తమ్ముడి పొరపాటు ఎక్కడంటే, వడ్డీ ఆగస్టు 4 నుంచి మొదలవుతుందనుకున్నాడు. కాదు. బిల్లులో కొంత మిగిలితే వడ్డీ లేని కాలం అన్నదే ఎగిరిపోతుంది, కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. 30,000 మీద జూన్ 20 నుంచి ఆగస్టు 3 దాకా 45 రోజులు, 1,620 రూపాయలు. 10,000 మీద జూలై 5 నుంచి 30 రోజులు, 360. రెండు వేలు కట్టాక మిగిలిన 38,000 మీద ఆగస్టు 4 నుంచి 15 దాకా 12 రోజులు, 547.20. మొత్తం 2,527.20, దాని మీద జీఎస్టీ 454.90. 38,000కి ఇవి కలిపితే 40,982. గడువులోపు కట్టాడు కాబట్టి లేట్ ఫీజు పడలేదు, అంతే. మినిమం చేసే పని అదొక్కటే: లేట్ ఫీజును, ఎగవేత ముద్రను ఆపుతుంది. వడ్డీని ఆపదు.

కడితే అప్పు తగ్గేలా మినిమం ఉండాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. ఇక్కడ మొదటి నెల పెరగడానికి కారణం పాత రోజుల వడ్డీ ఒక్కసారిగా పడటం. రెండో నెల నుంచి నిజంగానే తగ్గుతుంది, ఎంత అంటే, 5 శాతం లెక్కన 2,049 కడితే అందులో సుమారు 1,670 వడ్డీకి, దాని జీఎస్టీకి పోయి నాలుగొందల లోపే అసలు తగ్గుతుంది. ఆ వేగంతో వాషింగ్ మెషిన్ పాతబడుతుంది, అప్పు పాతబడదు.

సరే, మిగతా దారులు ఇదే బిల్లు మీద చూద్దాం.

చాలామంది చేసేది, ఉన్నదంతా ఊడ్చి 38,000 కట్టి ఒక్క 2,000 మిగల్చడం. "దాదాపు మొత్తం కట్టేశాను, వడ్డీ ఎంత పడుతుందిలే" అని. నేను చూసిన బ్యాంకుల ఉదాహరణ లెక్కల్లో డబ్బు కట్టిన రోజు దాకా పూర్తి మొత్తం మీద వడ్డీ వేస్తారు, అలాగైతే పైన చూసిన 1,620, 360 కలిపి 1,980 తప్పదు, మిగిలిన రెండు వేల మీద ఇంకో 28.80, జీఎస్టీతో 2,370 అవుతుంది. మిగిల్చింది రెండు వేలు, దాని ఖరీదు రెండు వేల మూడొందల డెబ్బై. ఆ రెండు వేలు ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకోవడమే మేలు, మొహమాటం ఎంత ఉన్నా.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2024 మార్చి సవరణలో రిజర్వ్ బ్యాంకు, కట్టిన డబ్బు, రిఫండ్లు సర్దాక మిగిలిన బకాయి మీదే వడ్డీ వేయాలని చెప్పింది. దీన్ని మొదటి రోజు నుంచే మిగిలిన 2,000 మీద మాత్రమే అని తీసుకుంటే 57 రోజులకు వడ్డీ 137 రూపాయలే. మీ బ్యాంకు ఏ పద్ధతిలో వేస్తోందో షరతుల కాగితంలోని ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. అక్కడ అర్థం కాకపోతే స్టేట్‌మెంట్‌లో ఫైనాన్స్ చార్జెస్ అంకె ఎదురుగా పెట్టుకుని రెండు విధాలా లెక్క వేయండి, ఒకటి కలుస్తుంది. రెండూ కలవకపోతే, ముఖ్యంగా మీరు డబ్బు కట్టిన తర్వాతి రోజులకు కూడా పాత మొత్తం మీదే వడ్డీ పడినట్టు కనిపిస్తే, అది అడగాల్సిన తప్పు.

ఇక జీతం 7న పడుతుంది, గడువు 4న, అప్పుడు ఏం చేయాలి? నిబంధన ప్రకారం గడువు దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి, క్రెడిట్ రిపోర్టుకు ఆలస్యమని పంపాలి. దీన్ని విని "మూడు రోజులు ఫ్రీ" అనుకునేవాళ్లు ఉన్నారు. ఫ్రీ ఫీజుకే, వడ్డీకి కాదు. ఆగస్టు 7న మొత్తం 40,000 కడితే లేట్ ఫీజు ఉండదు కానీ 48 రోజులకు, 33 రోజులకు వడ్డీ 2,124, జీఎస్టీతో 2,506 పడుతుంది. అదే 9న కడితే మూడు రోజులు దాటిపోయాయి కాబట్టి ఫీజు కూడా తోడవుతుంది. ఆ ఫీజు బకాయిని బట్టి ఉంటుంది, ఇలాంటి బిల్లుకు 1,100 అనుకుంటే, వడ్డీ 2,220తో కలిపి జీఎస్టీతో 3,918. రెండు రోజుల తేడాకి 1,400 రూపాయలు.

పైగా 7న యాప్‌లో కట్టిన డబ్బు కార్డు ఖాతాలో 8నో 9నో పడితే వాదించుకుంటూ కూర్చోవాలి. అందుకే ఈ పరిస్థితిలో నేనైతే 4న మినిమం 2,000 కట్టేసి, 7న జీతం పడగానే మిగతా 38,000 కడతాను. దానికి అయ్యేది 2,498. మూడు రోజులు ఆపి మొత్తం కట్టడం కంటే ఎనిమిది రూపాయలు తక్కువ, టెన్షన్ అసలే లేదు. గమనించాల్సింది ఏంటంటే మినిమం కట్టాక చాలామంది "ఇక వచ్చే నెల గడువుకి చూద్దాం" అని వదిలేస్తారు. 38,000 మీద రోజుకు 45.60, జీఎస్టీతో 53.81 నడుస్తూనే ఉంటుంది. తర్వాతి బిల్లు కోసం ఆగాల్సిన పనే లేదు. ఈ మధ్యలో కార్డు గీకితే ఆ కొత్త కొనుగోళ్లకూ వడ్డీ లేని కాలం ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ, కాబట్టి కార్డు బీరువాలో పెట్టేయండి.

జీతం మీద కూడా మొత్తం తీరదు, మూడు నాలుగు నెలలు పడుతుంది అంటే మాత్రం వేరే అప్పు తెచ్చి కార్డు మూసేయడమే నా ఓటు. ఇంట్లో ఉంగరమో గొలుసో ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ రూపాయి వడ్డీకి కాస్త అటూ ఇటూగా దొరికితే చాలు, 40,000కి నెలకు నాలుగొందలు. కార్డు మీద అదే నెలకు, జీఎస్టీతో కలిపి, పదిహేడొందలు దాటుతుంది. కార్డు బిల్లునే ఈఎంఐగా మార్చుకోవడం రెండో దారి, దాని రేటు సాధారణంగా కార్డు వడ్డీలో సగం కంటే తక్కువ, కానీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కలిపి చూసుకోవాలి. ఏ దారైనా గడువు తేదీకి ముందే చేయాలి. ఆగస్టు 4 దాటాక చేస్తే ఆ పాత వడ్డీ 1,980 అప్పటికే తగులుకుని ఉంటుంది. పుస్తెలతాడు తాకట్టు పెట్టించే సలహా ఇస్తున్నానని మా అమ్మ నన్ను తిట్టింది, అది వేరే సంగతి.

స్టేట్‌మెంట్ సరిచూసేటప్పుడు ఇంకో చోట కన్నేయాలి. కట్టని ఫీజుల మీద, పన్నుల మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2022 నిబంధనల్లోనే ఉంది. అంటే ఈ బిల్లులో పడ్డ జీఎస్టీ 454.90 గానీ, పడి ఉంటే లేట్ ఫీజు గానీ వచ్చే నెల వడ్డీ లెక్కలోకి రాకూడదు. వచ్చినట్టు తేలితే బ్యాంకుకి రాతపూర్వకంగా పెట్టండి, తేదీ, మొత్తం, రోజులు, మీ లెక్క అన్నీ రాసి. 30 రోజుల్లో తేల్చకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. "వడ్డీ ఎక్కువ వేశారు" అని మాత్రమే రాస్తే టెంప్లేట్ జవాబు వస్తుంది, లెక్క రాస్తే ఎవరో ఒకరు చదవాల్సి వస్తుంది.

తమ్ముడు చివరికి మరదలిని ఒప్పించి గాజులు పెట్టి, ఆగస్టు 18న 40,982 కట్టేశాడు. కట్టిన తర్వాత కూడా ఇంకో బిల్లు వస్తుందని ముందే చెప్పాను, 16, 17 తేదీల వడ్డీ అప్పటికి ఏ బిల్లులోనూ లేదు కదా. సెప్టెంబర్ 15న వచ్చిన స్టేట్‌మెంట్‌లో వడ్డీ 91.20, కింద జీఎస్టీ 16.42 ఉన్నాయి. ఈసారి స్క్రీన్‌షాట్‌తో పాటు వాడే లెక్క కూడా వేసి పంపాడు.