ఇల్లు కొడుక్కి ఇవ్వాలంటే వీలునామానా, దఖలు దస్తావేజా?

గాజువాక నుంచి ఒక పెద్దాయన కిందటి నెల మా ఆఫీసుకి వచ్చారు. వయసు 71. భార్య లేరు. ఉద్యోగం డబ్బుతో కొన్న స్థలంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. కింద ఆయన ఉంటారు, పై వాటాకి నెలకి 9,000 అద్దె వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు "ఇప్పుడే నా పేర రిజిస్ట్రేషన్ చేసేయండి నాన్నా, తర్వాత టెన్షన్ ఉండదు" అంటున్నాడు. పెద్దాయన చేతిలో దఖలు దస్తావేజు డ్రాఫ్ట్ రెడీగా ఉంది.

"లాయరుగారూ, రెండిట్లో ఏది మేలు?"

నేను చెప్పిన జవాబు ఆయన కేసుకి సరిపోతుంది. మీ కాగితాలు నేను చూడలేదు కాబట్టి మీ ఇంటికి మూడు చోట్ల అది మారొచ్చు. ఆస్తి తాతల నుంచి వచ్చిందయితే మొత్తం మీరొక్కరే రాసివ్వలేకపోవచ్చు. మీరు ముస్లింలయితే వీలునామాతో ఎంత ఇవ్వొచ్చన్నదానికి వేరే లెక్క ఉంది. ఇల్లు సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఉన్న పంచగ్రామాల పరిధిలో ఉంటే అసలు రిజిస్ట్రేషన్ అవుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ఈ మూడిట్లో ఏదైనా మీకు వర్తిస్తే పాత దస్తావేజులు పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లండి. వర్తించకపోతే కింద రాసింది చాలావరకు మీకూ పనికొస్తుంది.

డ్రాఫ్ట్‌లో ఒక వాక్యం కింద గీత గీసి ఆయనకి చూపించాను: "ఈ రోజు నుండి సదరు ఆస్తిపై నాకు గానీ, నా వారసులకు గానీ ఎటువంటి హక్కులు లేవు." దఖలు అంటే ఇదే. సంతకం పెట్టి, కొడుకు ఒప్పుకుని, రిజిస్టర్ అయిన క్షణం నుంచి ఇల్లు కొడుకుదే. స్టాంపు డ్యూటీ కట్టాలి, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ 9,000 అద్దె కూడా ఇక అడిగి తీసుకోవాల్సిందే.

ఆయనకి తట్టని సంగతి ఇంకోటి ఉంది. అనకూడని మాటే గానీ చెప్పక తప్పలేదు. కొడుకు వీలునామా రాయకుండా తండ్రికంటే ముందు పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు కొడుకు భార్యాపిల్లలకి వెళ్తుంది. మొదటి తరగతి వారసుల్లో తల్లి ఉంది, తండ్రి లేడు. అప్పుడు తను కట్టిన ఇంట్లో ఉండటానికి ఆయన కోడలి దయ మీద ఆధారపడాలి.

వీలునామాలో ఆ భయం లేదు. బతికున్నంతకాలం ఇల్లు ఆయనదే. అమ్ముకోవచ్చు, వీలునామా తిరగరాయొచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే అంటాను, ఫోర్జరీ అనే వాదన కొంత బలహీనపడుతుంది. కానీ రిజిస్టర్ చేశాం కదా అని ధీమాగా ఉండకూడదు. తర్వాత తెల్లకాగితం మీద సరిగ్గా రాసిన ఇంకో వీలునామా దాన్ని రద్దు చేయగలదు.

వీలునామాకి వచ్చే గొడవంతా రాసినాయన పోయాకే వస్తుంది. ఆయనకి పెళ్లయిన కూతురు కూడా ఉంది. రేపు ఆమె "నాన్నకి అప్పుడు మతి లేదు, అన్నయ్యే రాయించాడు" అంటే చెప్పడానికి ఆయన ఉండరు. అందుకే కొడుకుని డ్రాఫ్టింగుకి దూరంగా ఉంచమన్నాను. కూతురికి పెళ్లప్పుడు ఏమిచ్చారో, ఇల్లు కొడుక్కే ఎందుకిస్తున్నారో రెండు వాక్యాలు అందులోనే రాయమన్నాను.

"మరి మావాడు లోన్ పెట్టుకోవాలి, ఇప్పుడే పేరు మారాలి అంటాడు" అన్నారు.

అలాంటి అవసరం నిజంగా ఉంటే దఖలే చెయ్యాలి, కానీ ఈ డ్రాఫ్ట్‌తో కాదు. తను బతికున్నంతకాలం ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు అట్టిపెట్టుకుని దఖలు చెయ్యొచ్చు. అది చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కొడుకు తనని చూసుకోవాలి, చూసుకోకపోతే దస్తావేజు రద్దు అనే షరతు కూడా రాయించాలి. 60 దాటినవాళ్లు 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్‌కి వెళ్లి ఇచ్చింది రద్దు చేయించుకోవచ్చు. అక్కడ ముందు చూసేది ఆ షరతే. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని పెద్దవాళ్ల వైపు ఉదారంగా చదవాలంది. అయినా షరతు కాగితం మీద లేని కేసు గెలుస్తామని నేనెవరికీ మాటివ్వను. పైగా హక్కులూ షరతులూ ఇన్ని అట్టిపెట్టుకున్న ఇంటి మీద బ్యాంకు లోన్ ఇస్తుందో లేదో కొడుకు ముందే అడగాలి.

ఆయన కొడుక్కి ఫోన్ చేశారు. లోన్ ఆలోచన ఇప్పట్లో లేదని తేలింది. అలాగైతే వీలునామాయే మేలన్నాను.

"సాక్షిగా మా వాకింగ్ ఫ్రెండుని తీసుకొస్తానండీ."

"ఆయన వయసెంత?"

"నాకంటే నాలుగేళ్లు పెద్ద."

సాక్షులు ఇద్దరు కావాలి. రేపు గొడవొస్తే వాళ్లలో ఒక్కరైనా కోర్టుకొచ్చి "మా ఎదుటే సంతకం పెట్టారు" అని చెప్పాలి. పై వాటాలో ఎవరుంటున్నారని అడిగాను. ముప్పై ఐదేళ్ల స్కూలు టీచరట. ఆయన్నీ, ఆయనతోపాటు ఆ వయసువాళ్లని ఇంకొకరినీ తీసుకురమ్మన్నాను.