మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు: ముందు ఇమ్యునోగ్లోబులిన్లా, సీహెచ్50 పరీక్షా?

నల్లగొండలో నాతో పనిచేసే జూనియర్ డాక్టర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఇంటివాళ్ల దగ్గర ఒక్క పరీక్షకే డబ్బులుంటే, ఇమ్యునోగ్లోబులిన్లు అనే యాంటీబాడీలు చూడాలా, క్రిములతో పోరాడే రక్తంలోని ప్రోటీన్ల గుంపైన కాంప్లిమెంట్ పనితీరును సీహెచ్50తో చూడాలా? నేనైతే ముందు పాత కల్చర్ రిపోర్టు అడుగుతాను. ఏ క్రిమి వచ్చింది, ఏ వయసులో మొదలైంది అన్నదాన్ని బట్టే పరీక్ష ఎంచుకుంటాను.

దేవరకొండ వైపు నుంచి 14 నెలల బాబును తెచ్చారు. ఏడో నెల దాకా ఏ ఇబ్బందీ లేదు. "అప్పటిసంది చెవి కారుతనే ఉంది సార్" అంది తల్లి. రెండుసార్లు న్యుమోనియా వచ్చింది, రెండోసారి రక్తంలో న్యుమోకాకస్ పెరిగింది. టార్చి వేసి గొంతు చూస్తే టాన్సిల్స్ ఉండాల్సిన చోట ఏమీ కనబడలేదు. బాబు మేనమామ ఒకరు చిన్నప్పుడే న్యుమోనియాతో పోయాడని అమ్మమ్మ చెప్పింది.

తల్లి కడుపులో ఉండగా వచ్చిన ఐజీజీ యాంటీబాడీ ఆరు నెలలకల్లా తరిగిపోతుంది. న్యుమోకాకస్ చుట్టూ మందపాటి తొడుగు ఉంటుంది. యాంటీబాడీలు అంటుకుంటే తప్ప తెల్లకణాలు దాన్ని సరిగా మింగలేవు. ఈ బాబుకు ఐజీజీ డెసిలీటరుకు 60 మిల్లీగ్రాములే. ఆ వయసులో 300 దాటాలి. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు దాదాపు సున్నా. తల్లి వైపు నుంచి మగపిల్లలకు వచ్చే ఎక్స్-లింక్డ్ అగమ్మాగ్లోబులినీమియా అని తేలింది. ఇప్పుడు నాలుగు వారాలకోసారి, కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తున్నాం.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన 17 ఏళ్ల కుర్రాడి కథ వేరు. చిన్నప్పుడు గట్టిగానే ఉన్నాడు. కానీ రెండేళ్లలో రెండుసార్లు మెనింగోకాకస్ వల్ల మెదడు పొరల వాపు వచ్చింది. సీ5 నుంచి సీ9 దాకా ఉన్న కాంప్లిమెంట్ ప్రోటీన్లు కలిసి ఈ క్రిమి పొరకు రంధ్రం పొడుస్తాయి. వాటిలో ఒకటి లేకపోయినా ఆ పని సరిగా సాగదు. న్యుమోకాకస్ గోడ మందం కాబట్టి దానిమీద ఈ రంధ్రం పని ఎలాగూ నడవదు. ఇలాంటి కేసులో సీ3, సీ4 నార్మల్‌గా వచ్చాయని వదిలేయకూడదు. సీహెచ్50 చేయించాల్సిందే.

ఇక్కడే మన ఊళ్లలో పొరపాటు జరుగుతుంది. కాంప్లిమెంట్ వేడికి పాడైపోతుంది. మే నెలలో మామూలు డబ్బాలో బస్సులో హైదరాబాద్ పంపితే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా తక్కువే వస్తుంది. ఈ కుర్రాడి మొదటి శాంపిల్‌ అలాగే వెళ్లింది, సున్నా వచ్చింది, నేను నమ్మలేదు. రెండోసారి సీరం వెంటనే వేరు చేసి, గడ్డకట్టించి డ్రై ఐస్‌లో పంపాం. అప్పుడూ సున్నానే. మెనింగోకాకస్ టీకా వేసి, జ్వరం వస్తే ఆ పూటే ఆసుపత్రికి రమ్మని రాసిచ్చాం.

అందుకే నా ఓటు ముందు ఇమ్యునోగ్లోబులిన్లకే. యాంటీబాడీ లోపాలే ఎక్కువ, శాంపిల్ కూడా అంత తేలిగ్గా చెడదు. మెనింగోకాకస్ రెండోసారి వస్తే మాత్రం సీహెచ్50 ముందు.

ఆరు నెలలలోపే నోటిపూత, న్యుమోసిస్టిస్ న్యుమోనియా అయితే టీ కణాలు చూడండి. కాలేయంలో స్టాఫిలోకాకస్ చీముగడ్డ, ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ అయితే తెల్లకణాలు క్రిముల్ని చంపగలవా అని చూసే డీహెచ్ఆర్ పరీక్ష.