కోపంలో చేసిన వాయిస్ నోట్ నుంచి మర్యాదైన ఫిర్యాదు దాకా: ఏడాదిన్నర వాడాక

సర్వీసువాళ్ల మీద కోపం వచ్చినప్పుడు వాళ్లకి నేరుగా ఏమీ పంపను. ముందు నా ఫోన్‌లో నాకోసమే ఒక వాయిస్ నోట్ చేసుకుంటాను, ఫోన్ దాన్ని రాతలోకి మార్చి ఇస్తుంది, మర్నాడు ఆ రాత ముందు పెట్టుకుని మెసేజ్ రాస్తాను. ఏడాదిన్నరగా ఇదే అలవాటు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఏంటంటే, కోపంలో ఉన్నప్పుడు నా నోరు ఒక్క వివరం కూడా వదిలిపెట్టదు. చల్లారాక రాయమంటే "సర్వీసు సరిగా లేదు, దయచేసి చూడండి" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటాను, వాళ్లు కూడా రెండు ముక్కల్లో జవాబిచ్చి వదిలేస్తారు. అదే వేడిలో మాట్లాడితే ఏ రోజు, ఎన్నింటికి, ఎవరు ఏమన్నారు, మధ్యలో ఎవరు ఫోన్ పెట్టేశారు, అంతా వచ్చేస్తుంది.

ఇంటర్నెట్ పోయినప్పటి నోట్ ఒకటి ఇంకా నా దగ్గర ఉంది. అందులో ఒక ముక్క, ఫోన్ రాసిచ్చింది రాసిచ్చినట్టే:

"మూడో తారీఖు నుంచి లేదు ఇది మూడోసారి చెప్పడం మీవాడు వస్తానంటాడు రాడు మంగళవారం పొద్దున పదింటి నుంచి సెలవు పెట్టుకుని కూర్చున్నా ఆరింటి దాకా ఒక్కడూ రాలేదు పైగా సాయంత్రం మెసేజ్ మీ సమస్య పరిష్కారమైంది అని ఎవరికి పరిష్కారమైంది నేను బిల్లు మాత్రం కట్టను మీకసలు సిగ్గుండాలి"

కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. చూడగానే చిరాకొస్తుంది కానీ ఇందులో పనికొచ్చే సరుకు చాలా ఉంది. నేను మొదట వెతికేది క్రియలు. కోపంలో మనం "రాడు", "ఎత్తరు", "పట్టించుకోరు" అంటాం, అంటే వాళ్ల స్వభావమే అంత అని తీర్పు చెప్పేస్తున్నాం. అవతల చదివే మనిషికి అది నింద, దాన్ని కాదనడమే ఆయనకి మొదటి పని అవుతుంది. అదే "7వ తేదీన రాలేదు" అంటే అది జరిగిన సంగతి, రిజిస్టర్ తీసి చూసుకోవాల్సిందే. కాబట్టి ప్రతి "రాడు"నీ ఒక తేదీ పెట్టి "రాలేదు" చేస్తాను. తేదీ దొరకని వాక్యాన్ని కొట్టేస్తాను. "మీవాడు" టెక్నీషియన్ అవుతాడు. "ఎవరికి పరిష్కారమైంది" లాంటి ప్రశ్నలు నిజానికి ప్రశ్నలు కావు, వాటి వెనకున్న విషయం బయటికి తీయాలి. ఇక్కడైతే, ఫిర్యాదు మూసేశారు కానీ లైను రాలేదు. సిగ్గు గురించిన మాట పూర్తిగా పోతుంది. సెలవు పెట్టిన సంగతి మాత్రం ఉంచుతాను, ఎందుకంటే అది నాకు జరిగిన నష్టం.

అలా తయారైంది ఇది:

"నమస్కారం. ఈ నెల 3 నుంచి నా ఇంటర్నెట్ పనిచేయడం లేదు. 7వ తేదీ ఉదయం 10 నుంచి 12 మధ్య టెక్నీషియన్ వస్తారని చెప్పారు. నేను సెలవు పెట్టి సాయంత్రం 6 వరకు ఇంట్లోనే ఉన్నాను. ఎవరూ రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. ఆ సాయంత్రమే సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, కానీ లైను ఇంకా రాలేదు. లైను బాగయ్యే వరకు బిల్లు చెల్లించలేను. ఫిర్యాదు తిరిగి తెరిచి, టెక్నీషియన్ ఏ రోజు వస్తారో తెలియజేయండి."

చదువుకుంటే నాకే ముచ్చటేసింది. 8వ తేదీ పొద్దున పంపాను.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, ఆ బిల్లు వాక్యం దగ్గర. నేను అన్నది "బిల్లు మాత్రం కట్టాను". 5వ తేదీనే కట్టేశాను, లైను లేకపోయినా నా వంతు నేను చేశాను అన్న ఉక్రోషంతో అన్న మాట అది. ఫోన్ దీర్ఘం మింగేసి "కట్టను" అని రాసింది. మర్నాడు పొద్దున అది చదివినప్పుడు నాకు అనుమానం కూడా రాలేదు, ఎందుకంటే ఆ కోపంలో అలా అని ఉంటానని నమ్మకంగా అనిపించింది, ఈ నెలది కట్టేశాను కాబట్టి వచ్చే నెలది కట్టనని అని ఉంటాననుకున్నాను. పైగా మర్యాదగా ఉండాలని దాన్ని "చెల్లించలేను" అని మెత్తబరిచి రాశాను. మెత్తబరిచేసరికి అది బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయంలా కనపడింది. కోపంగా "కట్టను" అని ఉంటే అవతలివాళ్లు ఏదో ఆవేశంలో అన్నాడని వదిలేసేవాళ్లేమో.

వాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుని నా ఫిర్యాదుని బిల్లుల విభాగానికి పంపారు. నాలుగు రోజుల తరవాత, 12న, "మీ ఖాతాలో బకాయి ఏమీ లేదు" అని జవాబిచ్చి ఫిర్యాదు మళ్లీ మూసేశారు. లైను గురించి అందులో ఒక్క ముక్క లేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే నేను అడిగినదానికే జవాబిచ్చారు. అప్పుడు పాత రికార్డింగ్ పెట్టి విన్నాను, "కట్టాను" అని స్పష్టంగానే ఉంది, దీర్ఘం నేను గట్టిగానే పలికాను. ఆ క్షణంలో ఆ ఫోన్ మీద వచ్చిన కోపం సర్వీసువాళ్ల మీద కూడా రాలేదు.

తెలుగులో ఈ ప్రమాదం ఎక్కడ పడితే అక్కడ ఉంది. "పెట్టాను", "పెట్టను" పక్కపక్కనే ఉంటాయి. "ఇచ్చాను", "ఇవ్వను" కొంచెం దూరమే కానీ "మార్చాను", "మార్చను" మళ్లీ పక్కపక్కనే. చేసేసిన పని ఒక్క దీర్ఘం పోతే చేయనని మొండికేయడం అవుతుంది. వేగంగా మాట్లాడితే దీర్ఘాలు కుంచించుకుపోతాయి, మనం వేగంగా మాట్లాడేదే కోపంలో. అంకెల తప్పులైతే చదివితే కొంతవరకు దొరుకుతాయి, తేదీ క్యాలెండర్‌తో సరిపోకపోతే తెలిసిపోతుంది. ఈ క్రియల తప్పు చదివితే దొరకదు, వాక్యం వ్యాకరణంగా బాగానే ఉంటుంది, వింటేనే దొరుకుతుంది.

అందుకే ఒక మార్పు చేసుకున్నాను. ఇదివరకు కొన్నిసార్లు కీబోర్డులోని మైకు నొక్కి నేరుగా మాట్లాడేవాణ్ణి, త్వరగా అయిపోతుందని. అందులో నా చేతికి రాత మాత్రమే మిగులుతుంది, గొంతు ఉండదు. ఇప్పుడు రికార్డర్‌లోనే చేస్తాను, రాత వచ్చాక "ను"తో ముగిసే ప్రతి క్రియ దగ్గరా ఆపి ఆడియో వింటాను. నాలుగు నిమిషాల నోట్‌కి పదిహేను నిమిషాలు పడుతోంది. మొదట్లో ఇది టైము మిగిల్చే పద్ధతి అని ఇద్దరు ముగ్గురికి చెప్పాను, ఆ మాట ఇప్పుడు చెప్పను. ఇంకోటి, అడిగే పని మెసేజ్‌లో ఒక్కటే ఉంచుతున్నాను, అదీ మొదటి వాక్యంలోనే. పాత మెసేజ్‌లో అది చివరన ఉంది, దాని ముందు బిల్లు మాట ఉంది, చదివేవాళ్లు బిల్లు దగ్గరే ఆగిపోయారు.

12న రాత్రి "లైను ఈ నెల 3 నుంచి లేదు, టెక్నీషియన్‌ని పంపండి, బిల్లు 5న చెల్లించాను" అని మొదలుపెట్టి మళ్లీ పంపాను. 14న మనిషి వచ్చాడు, బయట కేబుల్ తెగిందని చూపించి, అరగంటలో కలిపి వెళ్లాడు.

నాకు కోపం నోటి ద్వారానే వస్తుంది, ఒంటరిగా గట్టిగా మాట్లాడుకోవడానికి ఒక గది ఉంది, మర్నాటి దాకా ఆగగలిగే సమస్యలే ఎక్కువగా వస్తుంటాయి, కాబట్టి వాడుతూనే ఉన్నాను. కోపంలోనే చకచకా రాయగలిగేవాళ్లకి దీనితో పనేమీ ఉండదనుకుంటా. వెంటనే తేలాల్సిన విషయమైతే నేను కూడా ఫోనే చేస్తున్నాను, మాట్లాడే ముందు తేదీలు మాత్రం ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటున్నాను.